నేను నీ మందును కాను

"దింపొద్దు పెద్దమ్మా. ఆ బ్యాగు నా గడప లోపల దింపొద్దు."

గంగులమ్మ అప్పటికే దింపేసింది. విననట్టు కొంగుతో మొహం తుడుచుకుంది. ముందుగదిలో రెండు మరమగ్గాలూ ఆడుతున్నాయి. ఆ మోతలో వినపడలేదన్నా నమ్మవలసిందే.

ఆమె వెనక కూతురు భువనేశ్వరి నిలబడి ఉంది. తల దువ్వుకోలేదు. చెప్పులు రెండూ రెండు జతలవి. ఒకప్పుడు ఈ నగరి ఊళ్ళోనే బడిపిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి. ఇప్పుడు గడప దాటాలా వద్దా అన్నది కూడా ఎవరో ఒకరు తేల్చిపెట్టాలి.

హేమశ్రీ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఒంట్లో ప్రతి ఎముకా పక్కకు తప్పుకోమంటోంది. తప్పుకోలేదు.

"ఏమ్మే హేమా, అడ్డం నిలబడతావు? పరాయిదా ఇది?" గంగులమ్మ గొంతు మగ్గాల మీదికి లేచింది. "నీ తావ అయితే రెండు ముద్దలు తింటాది. నాలుగు మాటలు మాట్లాడతాది. నా ఇంట్లో గోడకల్లా తిరిగి పడుకుంటాది. ఈడ్నే ఉండనీ కొన్నాళ్ళు."

"ఉండనియ్యను."

"ఏమన్నావు?"

"ఉండనియ్యను అన్నా, పెద్దమ్మా. వస్తే కూర్చోబెడతా. తినిపిస్తా. మాపటికి మీ ఇంటికి పోవాల."

వీధిలో ఎదురింటి గుమ్మంలో ఒక తల కనిపించి, పని ఉన్నట్టు అక్కడే ఉండిపోయింది.

"మీ యమ్మ పోయినప్పుడు," అంది గంగులమ్మ, ఒక్కో మాటా నొక్కి, "నీకు అన్నం కలిపి నోట్లో పెట్టింది ఎవురు? పదైదు దినాలు నీ పక్కన పడుకున్నింది ఎవురు? ఇది గాదా? మర్సిపోయినావా?"

హేమశ్రీ మరిచిపోలేదు. మరిచిపోలేదు కనుకనే ఇన్ని నెలలు భువన ఫోను ఎత్తింది. మగ్గాలు ఆడుతున్నంతసేపూ ఫోను మోగినా వినపడదని వీధి మొత్తానికీ తెలుసు. అందుకే కరెంటు పోయి మగ్గాలు ఆగిన మరుక్షణం భువన చేసేది. ఒకప్పుడు కరెంటు పోతే హేమశ్రీ నడుము వాల్చేది, కాఫీ పెట్టుకునేది. ఇప్పుడు మగ్గం ఆగితే చెయ్యి ఫోను వైపే పోతుంది. మోగకపోయినా మోగినట్టు వినిపిస్తుంది. పొద్దున లేస్తే దవడలు నొప్పి, రాత్రంతా దేన్నో నమిలినట్టు. నవ్వు వస్తే, అక్కడ అది పడుకుని ఉంటే నాకు నవ్వెట్లా వస్తుందని తనను తానే కసురుకుంటుంది.

ఇవేవీ గంగులమ్మకు చెప్పలేదు. చెబితే లెక్క చెప్పినట్టుంటుంది.

తులసీరాం లోపలి గది నుంచి బనీనుతో వచ్చాడు. బ్యాగును చూశాడు. భార్యను చూశాడు.

"నేను ముందే చెప్పినా గదా," అన్నాడు. "ఇంట్లోకే రానియ్యొద్దని. మొన్న నువ్వు దాని మొగం చూస్తా నిలబడి మగ్గం మీద పడుగు పోగు తెగింది కూడా చూడలేదు. ఆ చీరంతా పాడయిపాయె. ఇంగ మన పాప కూడా దాన్ని చూసి ఊరికే ఏడస్తా ఉండాది. ఈ జబ్బు మనకూ తగలాలనా?"

భువన తల వంచుకుంది. ఆ వంచుకోవడం హేమశ్రీకి భర్త మీద కోపం తెప్పించింది.

"అది అంటుకునే జబ్బు కాదు. ఇంట్లోకి రానియ్యొద్దని నువ్వు చెప్పేది గాదు. రోజూ ఈడ్నే పెట్టుకోమని పెద్దమ్మ చెప్పేదీ గాదు. నేను చెప్తా, ఎంతవరకో."

"ఓహో," అన్నాడు తులసీరాం. "కొత్త పంచాయితీ."

"అవును. నా పంచాయితీ."

హేమశ్రీ ఇట్లా మాట్లాడడం అతనికి కొత్త. ఆమెకూ కొత్తే. ఆ ఊపు తగ్గకముందే గంగులమ్మ వైపు తిరిగింది.

"దాని మాత్రలు యాడుండాయి పెద్దమ్మా?"

"ఏం మాత్రలు?"

"తిరపతి డాక్టరు ఇచ్చినవి."

గంగులమ్మ ఎటో చూసింది. "ఎప్పుడో మాన్పించినా. ఏసుకుంటే పొద్దెక్కినా లేవదు. నీ తావకొచ్చి నూలు కండెలు చుట్టుకుంటా కూర్చుంటే చాలు, బాగైపోతా ఉండాది. పనిలో ఉంటే ఏ జబ్బూ ఉండదు. మా అత్త అంతే చెప్పేది."

అంటే ఇదన్నమాట. హేమశ్రీ గుమ్మం పట్టుకుంది. తను రోజూ ఊరడించింది. ఊరడింపుకు ఆ పూటకు భువన మొహం కొంచెం తేటపడేది. ఆ తేటను చూసి ఇంట్లోవాళ్ళు వైద్యం మానేశారు. తను ఎంత బాగా మాట్లాడితే అంత తొందరగా డాక్టరు దూరమయ్యాడు. సాయం చేస్తున్నానని అనుకున్న ప్రతి సాయంత్రమూ ఒక మాత్ర తక్కువైందా?

ఈ ఆలోచన ఆమెను ముంచేలోగా భువన పెదాలు కదిలాయి.

మగ్గాల మధ్య పెరిగినవాళ్ళకు గొంతు అక్కరలేదు. ఎదుటివాళ్ళ పెదాలు చూస్తే చాలు. ఇది హేమశ్రీ పుట్టిల్లు, సెలవులకు భువన వచ్చేది ఇక్కడికే. ఇద్దరూ ఈ గదిలోనే మోత మధ్య కబుర్లు చెప్పుకునేవాళ్ళు, అటు పెద్దలు నిలబడి ఉండగానే పెద్దల మీద జోకులు వేసుకునేవాళ్ళు. గంగులమ్మ ఇంట్లో మగ్గం లేదు. ఆమెకు ఆ విద్య రాదు. తులసీరాం అటు తిరిగి ఉన్నాడు.

భువన తల్లి భుజం వెనక నుంచి శబ్దం లేకుండా చెప్పింది.

*మాత్రలన్నీ దాచిపెట్టినా. నా బ్యాగులోనే ఉండాయి. నువ్వు కూడా పొమ్మంటే ఇంగ నాకు దారి లేదు. ఎవురికీ చెప్పొద్దు, హేమా. ఒట్టు.*

బెదిరింపు కాదది. బెదిరింపైతే కోపగించుకుని తప్పించుకోవచ్చు. భువన కళ్ళలో కోపం లేదు, ఎత్తు లేదు. అలసట ఉంది. ఆ అలసటను ఒక్క మనిషి చేతుల్లో పెట్టి, తాళం వేసి, తాళంచెవి కూడా ఆ మనిషికే ఇస్తోంది.

ఇదివరకటి హేమశ్రీ అయితే తల ఊపేది. ఒట్టు వేసేది. వేసి, ఆ రాత్రి నుంచి నిద్ర పోయేది కాదు.

ఆమె గిరుక్కున తిరిగి మొదటి మగ్గం ఆపింది. రెండోదీ ఆపింది.

నిశ్శబ్దం గదిలోకి దూకింది. ఎదురింటి గుమ్మంలో తల ఉలిక్కిపడింది.

"కరెంటు ఉండాది గదా, ఎందుకు ఆపినావు?" అన్నాడు తులసీరాం.

హేమశ్రీ వీధి తలుపు మూసింది. భువన ఎదురుగా వచ్చి నిలబడి, అందరికీ వినపడేట్టు, మామూలు గొంతుతో అడిగింది.

"భువనా, సచ్చిపోవాలనిపిస్తా ఉందా?"

"అయ్యయ్యో!" గంగులమ్మ రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుంది. "నోటితో అట్ట అడగతారా! లేని బుద్ధి పుట్టిస్తావా దానికి?"

"అడిగితే పుట్టదు పెద్దమ్మా. ఉంటే బయటికొస్తాది. గమ్మునుండు రవంత." ఆమె కళ్ళు భువన మీదనే ఉన్నాయి. "చెప్పు."

భువన తలెత్తింది. మోసపోయిన మనిషి చూపు.

"నీకు ఒక్కదానికే చెప్పినా."

"అందుకే అందరి ముందరా అడుగుతా ఉండా. ఈ మాట నేను ఒక్కదాన్నే మొయ్యలేను. మోస్తానని ఒట్టు పెట్టను."

ఆగిన మగ్గం మీద పడుగు పోగులు ఇంకా సన్నగా వణుకుతున్నాయి.

"పడుకుంటే... లెయ్యకుండా ఉంటే బాగుండు అనిపిస్తాది," అంది భువన. గొంతు ఎవరిదో అన్నట్టు. "కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ అనిపిస్తాది. అందుకే దాచినా."

"ఈ పొద్దు చేసుకుందామనుకున్నావా?"

"ఈ పొద్దు అనుకోలా. నువ్వు రమ్మంటావనుకున్నా."

గంగులమ్మ గోడకు జారబడి కింద కూర్చుంది. ఏడవలేదు. నోరు తెరుచుకుని కూతుర్ని చూస్తూ ఉంది, ఇన్నాళ్ళూ తన ఇంట్లో గోడకు తిరిగి పడుకున్నది ఎవరో ఇప్పుడే తెలిసినట్టు.

"బ్యాగు మీ యన్న నాగరాజన్నకిస్తాం. మాత్రలు ఆయన తావ ఉంటాయి, నీ చేతికి అందకుండా," అంది హేమశ్రీ. "ఇప్పుడే తిరపతి ఆసుపత్రికి పోతాం."

"నమ్మకద్రోహం చేసినావు నువ్వు."

"చేసినా. బతికుండి నన్ను తిట్టుకో. ఎన్నేళ్ళు తిట్టినా పడతా."

భువన చెయ్యి విసిరింది. ఆ విసిరిన చెయ్యి ఎక్కడా తగలలేదు. కానీ ఎన్నో వారాల తర్వాత ఆమె ఒంట్లో ఒక కదలిక అది. హేమశ్రీ అది చూసింది, చూసినట్టు కనపడనివ్వలేదు.

తులసీరాం చొక్కా వేసుకుని నాగరాజును పిలుచుకురావడానికి వెళ్ళాడు.

నాగరాజు షేర్ ఆటో నడుపుతాడు. బండి వీధి మొదట ఆపి పరిగెత్తుకొచ్చాడు. చెల్లెల్ని చూడలేదు, నేరుగా హేమశ్రీతోనే మాట్లాడాడు.

"నువ్వు తీస్కపో హేమా. నాకు ఆ ఆసుపత్రి మాటలు అర్థం కావు. మొదటి నించీ నువ్వే గదా."

"మొదటి నించీ నేనే. అదే తప్పు పనైంది. నువ్వు రావాల, పెద్దమ్మ రావాల. నేను కూడా వస్తా. ఒక్కదాన్నే మాత్రం రాను."

"నా బండి కిరాయిలు..."

"నా మగ్గాలు ఆపలేదా అన్నా?"

నాగరాజు ఆగిన మగ్గాల వైపు చూశాడు. నగరిలో పట్టపగలు కరెంటు ఉండగా మగ్గం ఆగిందంటే ఇంట్లో ఎవరో పోయినట్టు లెక్క. ఆ మాట అతనికి వేరుగా చెప్పనక్కరలేదు. బ్యాగు తీసుకుని జిప్పు తెరిచి, ఉన్న మాత్రలన్నీ ఏరి జేబులో వేసుకున్నాడు.

బయల్దేరేముందు హేమశ్రీ వంటింట్లోకి వెళ్ళి చల్లన్నం పెరుగు కలుపుకుని నిలబడే తింది. గుమ్మంలో నుంచి గంగులమ్మ చూసింది.

"ఇప్పుడు నీకు కూడెట్ట దిగతా ఉండాదే?"

"దింపుకోవాల పెద్దమ్మా. నువ్వూ తిను. ఆడ ఎంతసేపవుతాదో."

ఈ జవాబు ఆమెకు ఊరికే రాలేదు. పోయిన వారం పద్నాలుగు నాలుగు పదహారుకు ఫోను చేసింది. మనసు బాగాలేనివాళ్ళకని ప్రభుత్వం పెట్టిన నంబరు. భువన గురించి అడగడానికే చేసింది. అవతలి ఆడమనిషి మొదట అడిగినది భువన గురించి కాదు. "మీరు నిద్ర పోతున్నారా అమ్మా? తింటున్నారా?" అంది. ఆ రెండు ప్రశ్నలకే హేమశ్రీ ఫోను చేతిలో పట్టుకుని ఏడ్చింది. తనకు కూడా చెయ్యొచ్చా ఈ నంబరుకు అని అడిగితే, మీకోసమే చేశారు కదా, అంది ఆమె. చావు మాట వస్తే దాచవద్దని, సూటిగా అడగమని, ఒంటరిగా వదలొద్దని కూడా ఆమే చెప్పింది. మిగతా రోజుల్లో మాత్రం మీరు ఎంత ఇవ్వగలరో మీరే తేల్చుకుని ముందే చెప్పండి, చెప్పాక మార్చకండి, అంది.

మార్చకండి అన్నది అన్నిటికన్నా కష్టం. అంతకుముందు ఒకసారి హద్దు పెట్టింది హేమశ్రీ. దీపాలు పెట్టినాక ఫోను ఎత్తనంది. మొదటి రోజు ఎత్తలేదు. రెండో రోజు మోగీ మోగీ చేతిలో వేడెక్కినాక ఎత్తింది. మొదటి పిలుపుకే ఎత్తి ఉన్నా ఇంత నష్టం ఉండేది కాదు. చివరిదాకా ఆగి ఎత్తడంతో, ఎత్తేదాకా చేస్తూనే ఉండాలని భువనకు తనే నేర్పింది. తర్వాత నుంచి ఫోను అంతసేపూ మోగింది.

తిరుపతి బస్సులో భువన కిటికీ పక్కన కూర్చుంది. పక్కన నాగరాజు. వెనక సీట్లో గంగులమ్మ, హేమశ్రీ. బండి పుత్తూరు దాటింది. తర్వాత భువన తల తిప్పకుండానే అంది.

"ఇంగ నన్ను వదిలేసినట్టేనా?"

"లేదు."

"మరి?"

"పొద్దున పాలు పోసినాక ఒకసారి మాట్లాడుకుందాం. మంగళారం, శుక్రారం సాయంత్రం ఇద్దరం నడిచిపోదాం రైల్వే గేటు దాకా. మిగతా టయాల్లో ఎత్తను. ఎత్తకపోతే కోపం కాదు, నేను అలిగినట్టు కాదు. పనిలో ఉన్నా అనుకో, పడుకున్నా అనుకో."

"బాలేకపోతే?"

"మామూలుగా బాలేకపోతే మీ యన్నకు చెప్పు, మీ యమ్మకు చెప్పు. వాళ్ళకి చెప్పడం నీకూ రావాల, వినడం వాళ్ళకీ రావాల. ఈ పొద్దు చెప్పినట్టు అనిపిస్తే మాత్రం నాకూ చెప్పు, అన్నకూ చెప్పు, పద్నాలుగు నాలుగు పదహారుకు చెయ్యి. దానికి టయం లేదు. ఎప్పుడైనా వస్తా. వచ్చి ఆసుపత్రికి తోలుకపోతా."

"టైంటేబులు వేసినావు," అంది భువన. "టీచరు నేను."

నాగరాజు ఫక్కున నవ్వి, నవ్వినందుకు సిగ్గుపడి కిటికీలోకి చూశాడు.

"నువ్వు ఇట్ట మారిపోతావనుకోలా," అంది భువన కొంతసేపయ్యాక. అందులో నవ్వు లేదు. "నేను మంచిదాన్నై ఉంటే నువ్వు టయాలు పెట్టుండవు."

హేమశ్రీ గొంతులోకి ఒక మాట వచ్చింది. అట్లా కాదు లేవే, ఎప్పుడైనా చెయ్యి, నేనున్నా. అది తియ్యటి మాట. ఆ మాట వెనక తనకొక రహస్య సుఖం ఉందని ఈ మధ్యనే కనిపెట్టింది. ఊళ్ళో ఎవరికీ లొంగని మనిషి తన ఒక్కదానికే లొంగుతుందన్న సుఖం. అలసిపోయానని ఎంత మొత్తుకున్నా, ఆ సుఖాన్ని ఎవరైనా లాక్కుంటారేమోనన్న భయం అడుగున ఉంది.

మాటను మింగింది.

"నువ్వు సెడ్డదానివని పెట్టలేదు. నేను మిగలాలని పెట్టినా. నేను పడిపోతే నీకెవరుంటారు, నాకెవరుంటారు? నీ జబ్బుకు నేను మందును కాను, భువనా. మందు వేరే ఉండాది. నేను మనిషిని, అంతే."

దారిపొడుగునా కొండలు దగ్గరవుతూ వచ్చాయి.

పెద్దాసుపత్రిలో మనోవైద్య విభాగం ముందు బెంచీలు నిండి ఉన్నాయి. ఎవరూ ఎవరి మొహాలూ చూడటం లేదు. ముందర చీటీ మీద రాసిచ్చిన నర్సుకు హేమశ్రీ ఒక్క ముక్క చెప్పింది, ఈ పొద్దున చావు మాట వచ్చిందని. దాంతో వాళ్ళను ముందుకు జరిపారు.

పేరు పిలిచినప్పుడు భువన లేచి, చెయ్యి చాచింది.

"నువ్వు రా. నువ్వు చెప్పు. నాకు మాటలు రావు."

చాచిన చెయ్యి హేమశ్రీ ముందర ఆగింది. ఇన్నేళ్ళలో ఆ చేతిని ఒక్కసారి కూడా ఖాళీగా తిప్పి పంపలేదు. ఆమె లేచి ఆ చేతిని రెండు చేతులా పట్టుకుంది. తర్వాత వదిలింది.

"మాటలు రాకపోతే రావడం లేదనే చెప్పు. అది కూడా జబ్బులో భాగమే, వాళ్ళకు తెలుసు. నేను ఈడ్నే కూర్చోనుంటా. యాడికీ పోను."

"హేమా..."

"నీది నువ్వే చెప్పాల."

భువన కళ్ళలో మళ్ళీ ఆ పొద్దుటి కోపం వెలిగింది. గిరుక్కున తిరిగి లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది.

గంగులమ్మ గొణిగింది. "రాతి గుండె."

రాయి అయితే బాగుండేదనుకుంది హేమశ్రీ. చీర కుచ్చిళ్ళ మధ్య చేతులు రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. తలుపు అవతల గొంతు వినిపిస్తుందేమోనని ఒళ్ళంతా చెవి చేసుకుని కూర్చుంది. ఏమీ వినపడలేదు. పెదాలూ కనపడవు. భువన మనసులో ఏముందో తనకు తెలియకుండా జరుగుతున్న మొదటి సంభాషణ అది.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. నర్సు తల బయటికి పెట్టింది.

హేమశ్రీ సగం లేచింది.

"భువనేశ్వరి వాళ్ళమ్మ ఎవరు? లోపలికి రండి. అమ్మాయి మిమ్మల్నే అడుగుతోంది. మీరొక్కరే."

సగం లేచిన కాళ్ళు అక్కడే ఆగాయి. ఛాతీలో ఏదో చురుక్కుమంది. ఆమె దానికి పేరు పెట్టకుండా ఉండలేకపోయింది. అసూయ. కోరింది ఇదే, పొద్దుటి నుంచి పోట్లాడింది దీనికోసమే. అయినా చురుక్కుమంది. మెల్లగా కూర్చుంది.

గంగులమ్మ కూర్చున్నచోటు నుంచి కదలలేదు.

"పో పెద్దమ్మా."

"నేను పోను." ఆమె గొంతులో పొద్దుటి పెళుసుతనం లేదు. హేమశ్రీ మణికట్టు పట్టుకుంది. "నువ్వు పోమ్మే. దాని సంగతి నీకే తెలుసు. నేను పోతే... ఆడ అది చెప్పేదంతా నేను వినాల గదా."

"వినాల."

"నా వల్లనే అంటాదేమో."

"అనొచ్చు. అనకపోవచ్చు. అన్నా వినాల."

"నాకు బయ్యంగా ఉండాదే హేమా."

"నాకూ బయ్యంగానే ఉండె, ఇన్నాళ్ళూ."

"అమ్మా, ఎవరండీ, త్వరగా," నర్సు రెండోసారి పిలిచింది. తలుపు సందులోంచి భువన వీపు కనిపించింది. ఆమె ఇటు తిరగలేదు. ఎవరు వస్తారో చూడకుండా, పక్కనున్న ఖాళీ కుర్చీని మాత్రం తన దగ్గరికి లాక్కుంది.

హేమశ్రీ లేవలేదు. రెండో చేత్తో, మణికట్టు మీద బిగిసిన ముసలి వేళ్ళను ఒక్కొక్కటిగా విడదీయడం మొదలుపెట్టింది.

చివరి వేలు ఇంకా పట్టు వదల్లేదు.